మేత ఖర్చు గుడ్డుకి పావలా పెరిగింది, రిజిస్టర్‌లో తప్పు ఎక్కడుంది?

గోదారి_గుడ్డు
అనపర్తి దగ్గర మా షెడ్డు, పదివేల కెపాసిటీ, బీవీ 300 గుడ్ల కోళ్ల బ్యాచ్, ఇప్పుడు 53వ వారం నడుస్తోంది. రోజూ సాయంత్రం సూపర్‌వైజర్ నోట్‌బుక్‌లో మేత, గుడ్లు, చచ్చిన కోళ్లు రాస్తాడు, రాత్రి నేను ఫోన్‌లో షీట్‌లో ఎక్కిస్తాను. ఏడు వారాల క్రితం రోజుకి 21 బస్తాలు వేస్తే 8,850 గుడ్లు వచ్చేవి. ఇప్పుడు 22 బస్తాలు వేస్తుంటే 8,620 వస్తున్నాయి. బస్తా 50 కేజీలు, కేజీ 28 రూపాయలు పడుతోంది, అప్పుడూ అంతే ఇప్పుడూ అంతే. అంటే గుడ్డుకి మేత ఖర్చు 3.32 ఉండేది 3.57 అయింది. పావలా అంటే చిన్నదిగా కనిపిస్తుంది కానీ రోజుకి రెండు వేల పైనే పోతోందండి. కోళ్లు చూస్తే బానే ఉన్నాయి, రెట్ట మామూలే, రోజుకి రెండు చస్తున్నాయి అంతే. రిజిస్టర్ ప్రకారం అప్పుడు 9,740 కోళ్లు, ఇప్పుడు 9,640. కోడికి మేత 108 గ్రాముల దగ్గర నుంచి 114కి ఎక్కింది. ఎక్కడ పోతోందో ఎవరైనా చెప్పండి, వారం నుంచి నిద్ర పట్టట్లేదు.

తణుకు_తమ్ముడు
ఎలుకలు అన్నా. మాకూ ఇలాగే అయింది, గోడౌన్‌లో బోన్లు పెట్టాక ఆగింది.

షాద్‌నగర్_లేయర్
ఎలుక రోజుకి పాతిక గ్రాములు తింటదనుకో. రోజూ ఒక బస్తా మాయం కావాలంటే రెండు వేల ఎలుకలు కావాలె తమ్మీ. గన్ని ఉంటే షెడ్డుల నడవనియ్యవు 😀

తణుకు_తమ్ముడు
సరే ఒప్పుకుంటున్నా, కానీ కొంతయినా ఉంటుంది కదా.

బ్రాయిలర్_బాబు
ఎఫ్‌సీఆర్, అదే కేజీ బరువుకి తినే మేత, ఎంత వస్తోంది? మాకు 1.6 దాటితే కంపెనీ వాళ్లు కోత పెడతారు. మీరు 53 వారాలు ఎందుకు ఉంచారు, మేము 40 రోజులకే ఎత్తేస్తాం.

షాద్‌నగర్_లేయర్
బాబు, గవి గుడ్ల కోళ్లు.

బ్రాయిలర్_బాబు
ఓహో సారీ, లెక్క చూసి కంగారు పడ్డాను.

కృష్ణా_రైతు_67
ముప్ఫై ఏళ్లుగా కోళ్ల మీదే ఉన్నాను, చూడగానే చెప్పేస్తాను. మీ షెడ్డులో 9,640 కోళ్లు లేవు. పనోళ్లు చచ్చినవి సరిగ్గా రాయట్లేదు. రోజుకి ఐదు చస్తే రెండు రాస్తారు, ఎందుకంటే ఎక్కువ రాస్తే ఓనర్ అరుస్తాడని భయం. గుడ్లు తగ్గింది అందుకే, ఖర్చు పెరిగింది అందుకే. ఒకరోజు కూర్చుని బోను బోనూ లెక్కపెట్టండి, తెలిసిపోతుంది.

ఎక్సెల్_సుజాత
పెద్దాయన చెప్పినట్టు లెక్కపెట్టడం మంచిదే, కానీ దానికీ పావలాకీ సంబంధం లేదండి. చచ్చిన కోడి గుడ్డు పెట్టదు, మేతా తినదు. గుడ్డుకి మేత ఖర్చు అనే లెక్కలో కోళ్ల సంఖ్య ఎక్కడా రాదు చూడండి. మేత కేజీలు, కేజీ ధర, గుడ్లు, మూడే. మా షీట్‌లో ఇలా ఉంటుంది, B మేత కేజీలు, C కేజీ ధర, D గుడ్లు, E బతికున్న కోళ్లు:

```
=B2*C2/D2
=B2*1000/E2
=D2/E2*100
```

మొదటిది గుడ్డుకి మేత ఖర్చు, రెండోది కోడికి గ్రాములు, మూడోది ప్రొడక్షన్ శాతం. కోళ్ల లెక్క తప్పితే కింద రెండూ తప్పుతాయి, పైది తప్పదు. పైది తప్పిందంటే ఈ మూడింట్లో ఒకటి తేడాగా ఉన్నట్టు. కాబట్టి మేత కేజీలు నిజంగా కేజీలేనా, తూచారా, బస్తాలు లెక్కపెట్టి 50తో గుణించారా అన్నది ముందు చెప్పండి.

గోదారి_గుడ్డు
గుణించిందేనండి. మా సొంత మిల్లే, మిక్సర్ కింద గోతాం పట్టి మూతి దాకా నింపి కుట్టేస్తారు. మొదట్లో తూచాం, కరెక్టుగా 50 వచ్చేది, తర్వాత తూచలేదు.

కృష్ణా_రైతు_67
సుజాత గారూ, లెక్క మీరు చెప్పినట్టే ఉండొచ్చు గానీ దొంగతనం సంగతో? నేను చూసినంత మీరు చూసి ఉండరు.

ఎక్సెల్_సుజాత
నేను కాదనట్లేదు సార్, కోళ్లు లెక్కపెట్టమనే అంటున్నా. కానీ రెండూ వేరు వేరు ప్రశ్నలు, ఒకదానికి దొరికిన జవాబు ఇంకోదానికి అతికిస్తే అసలుది దాక్కుంటుంది.

మేతమిల్లు_మామయ్య
ఈ ఏడు వారాల్లో మేత ఫార్ములా ఏమన్నా మార్చారా? మొక్కజొన్న తగ్గించి తవుడు పెంచారా? ఇంకోటి, టన్ను కలిపితే ఎన్ని బస్తాలు వస్తున్నాయి?

గోదారి_గుడ్డు
మార్చాం. నెలన్నర క్రితం మొక్కజొన్న రేటు ఎక్కింది కదా, టన్ను 28 వేలు దాటకుండా ఉండాలని కొంత మొక్కజొన్న తీసి డీఓఆర్‌బీ, అదే నూనె తీసిన తవుడు, పెంచాం. బస్తాలు ఎన్ని వస్తున్నాయో రేపు మిల్లులో అడుగుతాను.

నాటుకోడి_నల్గొండ
నా దగ్గర నలభై నాటుకోళ్లు ఉన్నయి, లెక్క రాయను, గింజలు చల్లుతా, గుడ్లు ఏరుకుంటా, మిగిలినయి అమ్ముతా. మీకేమో బస్తా తేడా వస్తే నిద్ర లేదు. మీ కష్టం చూస్తుంటే నా నలభైకి కూడ రాయాలనిపిస్తుంది.

షాద్‌నగర్_లేయర్
రాయి అన్నా, ఒక నెల రాస్తే ఏ కోడి ఉత్తగ తింటుందో తెలుస్తది.

తణుకు_తమ్ముడు
మరి గుడ్లు లెక్కపెట్టే టైమో? మా దగ్గర ఆదివారం పనోళ్లు తొందరగా వెళ్లిపోతారు, సాయంత్రం గుడ్లు సోమవారం ఖాతాలో పడతాయి. ఆదివారం చూస్తే ప్రొడక్షన్ పడిపోయినట్టు, సోమవారం చూస్తే లేచినట్టు ఉంటుంది. ఆ సోమవారం చూసి నేను ఒకసారి సంబరపడి మందు డీలర్‌కి ఫోన్ చేసి మీ టానిక్ బ్రహ్మాండం అన్నాను.

ఎక్సెల్_సుజాత
మంచి పాయింట్. మేత కూడా అంతే, ఇవాళ తొట్టెలో వేసింది కోళ్లు ఇవాళే తినవు. అందుకే ఒక్కరోజు లెక్క నమ్మకూడదు, ఏడు రోజుల మేతని ఏడు రోజుల గుడ్లతో భాగించాలి. గోదారి గారు ఇచ్చినవి వారం సగటులేనా?

గోదారి_గుడ్డు
వారం సగటులేనండి. పగుళ్ల గుడ్లు కూడా కలిపే రాస్తాం, వేరే గడిలో కూడా రాస్తాం. ట్రేల లెక్కలో అప్పుడు 295, ఇప్పుడు 287 మీద పది గుడ్లు.

గోదారి_గుడ్డు
మామయ్య గారూ, మీకు దండం పెట్టాలి. పొద్దున్నే మిల్లుకి వెళ్లాను. టన్నుకి ఇదివరకు 20 బస్తాలు వచ్చేవి, ఇప్పుడు 21 వస్తున్నాయట. మిల్లు కుర్రాడిని ఎందుకు చెప్పలేదంటే "ఎక్కువ వస్తోంది కదండి, మంచిదే అనుకున్నా" అన్నాడు. పది బస్తాలు కాటా మీద పెట్టాను, మొత్తం 476 కేజీలు. అంటే బస్తా 47.6.

మేతమిల్లు_మామయ్య
అదే అనుకున్నా. తవుడు తేలిక, మొక్కజొన్న నూక బరువు. గోతాం అదే సైజు, మూతి దాకా నింపితే తవుడు ఎక్కువున్న మేత బరువు తగ్గుద్ది. టన్ను ఖర్చు మారలేదు, 28 వేలే, కానీ ఇప్పుడు అది 21 బస్తాల మీద పరుచుకుంది. నువ్వు బస్తాకి 1,400 వేసుకుంటున్నావు, నిజానికి పడేది 1,333. ఇంకోటి చూడు, షెడ్డులో కుర్రాళ్లు 21 నుంచి 22కి ఎందుకు పెంచారో అడిగావా?

గోదారి_గుడ్డు
అడిగాను. సాయంత్రానికి తొట్టెలు ఖాళీ అయిపోతున్నాయి, కోళ్లు అరుస్తున్నాయి, అందుకే ఇంకో బస్తా వేస్తున్నాం అన్నారు.

మేతమిల్లు_మామయ్య
మరి 21 తేలిక బస్తాలంటే వెయ్యి కేజీలే కదా, పాత లెక్కకి యాభై తక్కువ. వాళ్లు చేసింది కరెక్టే. 22 వేస్తే 1,047 కేజీలు, అంటే పాత 1,050కి దాదాపు సమానం. నీ నోట్‌బుక్‌లో పెరిగిన బస్తా షెడ్డులో పెరగలేదు.

ఎక్సెల్_సుజాత
లెక్క చూద్దాం. 1,047 కేజీలు, 28 రూపాయలు, 29 వేల మూడు వందల చిల్లర. 8,620 గుడ్లతో భాగిస్తే 3.40. ఆయన రాసుకున్నది 3.57. పావలాలో 17 పైసలు కాగితం మీద పుట్టినవే, మిగిలిన 8 పైసలు మాత్రం నిజం. ఆ 8 ఎక్కడివో ఇంకా తేలాలి. గోదారి గారూ, షీట్‌లో బస్తాల గడి పక్కన బస్తా సగటు బరువు అని ఒక గడి పెట్టండి, వారానికోసారి పది బస్తాలు తూచి అందులో మార్చండి. రోజూ తూచమంటే ఎవరూ తూచరు.

కృష్ణా_రైతు_67
కోళ్లు లెక్కపెట్టారా లేదా అది చెప్పండి ముందు.

గోదారి_గుడ్డు
లెక్కపెట్టాను సార్, నేనూ మా తమ్ముడూ, రాత్రి లైట్లు తగ్గాక, వరస వరసకీ సుద్దతో రాసుకుంటూ రెండు సార్లు. 9,412 ఉన్నాయి. రిజిస్టర్ కంటే 228 తక్కువ. చేతులు చల్లబడ్డాయి.

కృష్ణా_రైతు_67
నేను చెప్పలేదూ!

షాద్‌నగర్_లేయర్
228 అంటే మామూలు మాట కాదు. గుంతల ఎన్ని పడేసిండ్రో చూసినవా?

డాక్టర్_పశువైద్యం
ఆలస్యంగా చూశాను. 228 ఏడు వారాల్లో పోతే, రాసిన రెండు కాక రోజుకి ఇంకో నాలుగైదు చచ్చినట్టు. అలా అయితే ఏదో జబ్బు ఉండాలి, కానీ మీరు చెప్పిన గుడ్ల లెక్క అలా లేదు. 8,620ని 9,412తో భాగించండి, 91.6 శాతం. 53 వారాల కోడికి ఇది చాలా బాగున్న ప్రొడక్షన్. మందలో జబ్బు తిరుగుతుంటే బతికున్నవి ఇంత పెట్టవు. కోళ్లు చావకుండా ఎక్కడికో వెళ్లి ఉండాలి, లేదా మొదటి నుంచీ లేకపోయి ఉండాలి. సన్నగా ఉన్నవి, గుడ్డు పెట్టనివి ఎప్పుడైనా తీసేశారా?

గోదారి_గుడ్డు
నాన్నగారిని అడిగాను. సంక్రాంతి ఖర్చులకని ముందుగానే 140 వరకూ బలహీనంగా ఉన్నవి ఊళ్లో చికెన్ కొట్టుకి ఇచ్చారట, రెండు విడతలుగా. "చచ్చినవి రాయమన్నావు గానీ అమ్మినవి రాయమనలేదు కదరా" అన్నారు. నిజమే, నా నోట్‌బుక్‌లో ఆ గడే లేదు. పనోళ్ల మీద అనుమానపడి నిన్న గట్టిగా మాట్లాడాను, ఇవాళ వెళ్లి క్షమించమని అడిగాను.

నాటుకోడి_నల్గొండ
మంచి పని చేసినవ్ తమ్మీ.

ఎక్సెల్_సుజాత
గడి లేని చోట లెక్క నోటి మాటగా మిగిలిపోతుంది. చచ్చినవి, తీసేసినవి రెండూ వేరు గడులు పెట్టండి, మిగిలిన కోళ్లు అనే గడి దానంతటదే తగ్గాలి, ఎవరూ చేత్తో రాయకూడదు. ఇంకా 88 తేలాలి.

కృష్ణా_రైతు_67
ఆ 88 మాత్రం పనోళ్లే. రాసిపెట్టుకోండి.

డాక్టర్_పశువైద్యం
అంత ఖాయంగా చెప్పలేం సార్. గ్రోయర్ షెడ్డు నుంచి లేయర్ షెడ్డుకి ఎక్కించినప్పుడు ఎలా లెక్కపెట్టారు?

గోదారి_గుడ్డు
రాత్రిపూట గంపల్లో మార్చాం, గంపకి ఇన్ని అని. చివర్లో కొన్ని గంపలు నిండలేదు, వాటినీ నిండు గంపలే అనుకుని రాశామేమో, అప్పటి కుర్రాడు ఇప్పుడు లేడు.

డాక్టర్_పశువైద్యం
మొదటి నుంచీ 88 తక్కువ ఉన్నాయనుకుని చూడండి. ఏడు వారాల క్రితం ఉన్నవి 9,740 కాదు, 9,652. అప్పటి గుడ్లు 8,850, అంటే 91.7 శాతం. ఇప్పుడు 91.6. వయసుకి సరిపోతుంది, కథ అతుకుతుంది. అతికినంత మాత్రాన అదే నిజమని కాదు, రోజుకి ఒకటో రెండో రాయకుండా వదిలేసినా దాదాపు ఇలాగే కనిపిస్తుంది. ఇక నుంచి చచ్చిన ప్రతి కోడినీ షెడ్డు గుమ్మం దగ్గర ఒకే చోట పెట్టించండి, మీరు చూసి సంతకం పెట్టాకే గుంతలో వెయ్యాలి. ఏ వరసలో చచ్చిందో కూడా రాయించండి. ఒకే వరసలో నాలుగు చస్తే అక్కడ నీళ్ల నిపుల్ ఆగిపోయిందా అని చూస్తాం, అన్ని వరసల్లో అక్కడక్కడా చస్తే వేరే దారిలో వెతుకుతాం.

తణుకు_తమ్ముడు
వరస రాయడం నాకు తట్టలేదు డాక్టర్ గారూ, ఇవాళే మొదలుపెడతా. మా నోట్‌బుక్‌లో ఉత్త అంకె ఉంటుంది.

ఎక్సెల్_సుజాత
ఇప్పుడు మిగిలిన 8 పైసలు. కోళ్ల లెక్క సరిచేశాక కోడికి మేత అప్పుడు 108.8 గ్రాములు, ఇప్పుడు 111.2. ప్రొడక్షన్ శాతం దాదాపు అదే. అంటే ప్రతి కోడీ రెండున్నర గ్రాములు ఎక్కువ తిని అదే గుడ్డు పెడుతోంది. 8 పైసలూ దాదాపు అక్కడే ఉన్నాయి.

మేతమిల్లు_మామయ్య
తవుడు పని అది. కోడి పొట్ట నిండిందని ఆగదు, ఒంటికి కావాల్సిన శక్తి అందేదాకా తింటుంది. మొక్కజొన్న తీసి తవుడు పెడితే కేజీలో శక్తి తగ్గుద్ది, ఆ లోటు ఇంకో రెండు గ్రాములు తిని పూడ్చుకుంటుంది. కేజీ రేటు నిలబెట్టాం అనుకుంటాం, కోడి గ్రాములు పెంచి ఆ మిగులు వెనక్కి లాక్కుంటుంది.

షాద్‌నగర్_లేయర్
నేను ఒప్పుకోను మామా. ఏడు వారాల కింద వానలు, ఉక్క. ఇప్పుడు డిసెంబర్ చలి. చలికి ఏ కోడైనా రెండు మూడు గ్రాములు ఎక్కువనే తింటది. నేను ఫార్ములా ఏం మార్చలే, నా షెడ్డుల కూడ 109 నుంచి 111 అయింది.

మేతమిల్లు_మామయ్య
మీ షాద్‌నగర్ చలి వేరు, గోదారి ఒడ్డు చలి వేరు. అయినా కాదనను, రెండూ కలిసే ఉంటాయి. ఎంత చలిది ఎంత తవుడుది అని విడదీయడం ఈ లెక్కతో అవ్వదు.

గోదారి_గుడ్డు
మరి తవుడు తీసేసి పాత ఫార్ములాకి వెళ్లనా? ఈ రోజు మొక్కజొన్న రేటుకి పాత ఫార్ములా టన్ను 28,700 పడుతోంది.

ఎక్సెల్_సుజాత
పాత గ్రాములే తింటాయనుకుంటే 108.8 గ్రాములు, 28.70 రేటు, 91.7 శాతం, గుడ్డుకి 3.40 పైన అర పైసా. ఇప్పుడున్నది 3.40. తేడానే లేదండి. మొక్కజొన్న రేటు ఇంకా ఎక్కితే తవుడు ఫార్ములా నెగ్గుతుంది, దిగితే పాతది నెగ్గుతుంది. షాద్‌నగర్ గారన్నట్టు చలి వల్లే ఎక్కువ తింటుంటే పాత ఫార్ములా కూడా 108.8 దగ్గర ఆగదు, అప్పుడు తవుడే మేలు.

డాక్టర్_పశువైద్యం
గుడ్డు బరువు కూడా చూడండి. వారానికోసారి పది ట్రేలు తూచి, ఖాళీ ట్రే బరువు తీసేసి రాసుకోండి. తవుడుతో గుడ్డు సైజు తగ్గితే గుడ్ల కమిటీ నెక్ ఇచ్చే రేటు అదే ఉన్నా వ్యాపారి చిన్న గుడ్డని కోత పెడతాడు, ఆ నష్టం మేత ఖర్చు గడిలో కనపడదు. రెట్ట పలచబడుతోందా కూడా చూడండి.

కృష్ణా_రైతు_67
మా రోజుల్లో ఇన్ని గడులు లేవు. చేత్తో మేత పిడికిట్లోకి తీసుకుంటే తెలిసేది తేలికో బరువో.

మేతమిల్లు_మామయ్య
తెలుస్తుంది సార్, కానీ ఓనర్ మిల్లుకి వెళ్లి పట్టుకోవాలి కదా. ఈయన నెలన్నరగా వెళ్లలేదు.

గోదారి_గుడ్డు
నిజమే, వెళ్లలేదు. నాలుగు మార్పులు చేశాను. బస్తా నింపేటప్పుడు కాటా మీదే, 50 వచ్చాకే కుట్టాలి, గోతాం చాలకపోతే పెద్ద గోతాం. తీసేసిన కోళ్లకి గడి, నాన్నగారు తన చేత్తో రాస్తానన్నారు. చచ్చిన వాటికి వరస నంబర్. టన్నుకి ఎన్ని బస్తాలొచ్చాయో మిల్లు కుర్రాడు రోజూ మెసేజ్ పెట్టాలి. పాత ఏడు వారాల షీట్ మాత్రం దిద్దలేదు, పక్కన ఇంకో గడిలో సరిచేసిన అంకె రాశాను, ఏది ఎందుకు మారిందో తర్వాత కూడా కనపడాలని. ఫార్ములా ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంచుతాను, గుడ్డు బరువు చూశాక తేల్చుకుంటా.

తణుకు_తమ్ముడు
అన్నా మీది చదివి నేనూ పది బస్తాలు తూచాను. నేను మేత బయట కొంటాను, కుట్టు మీద 50 అని ఉంది. పదీ కలిపి 492. ఇది మామూలేనా, అడగాలా?

మేతమిల్లు_మామయ్య
ఖాళీ గోతాం బరువు తీసేశావా? కాటా ముందు తెలిసిన బరువుతో చూసుకున్నావా? ఆ రెండూ చూసుకుని ఇంకో పది తూచు, అప్పుడు అడుగుదువు గాని.

తణుకు_తమ్ముడు
గోతాం తీయలేదు. అంటే ఇంకా తక్కువే. రేపు లోడ్ వస్తుంది, దింపేటప్పుడే తూచి ఇక్కడ పెడతాను.